బెంగళూరు ఆటోలో ‘ఇక్కడే ఆపండి’ అనడం నుంచి చిల్లర అడగడం దాకా: పని జరిగే కన్నడ మాటలు

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో రాత్రి బస్సెక్కితే తెల్లవారుజామున మారతహళ్ళిలోనో మడివాళలోనో దించేస్తారు. కళ్ళు తెరిచేసరికి ఆటోవాళ్ళు చుట్టూ ఉంటారు. బెంగళూరు డ్రైవర్లలో చాలామందికి తెలుగు అర్థమవుతుంది, కొందరు మాట్లాడతారు కూడా. కాబట్టి కన్నడ రాకపోయినా ఇల్లు చేరతారు. కానీ వచ్చే తేడా రెండు చోట్ల కనిపిస్తుంది. బేరం మొదట్లో కన్నడలో పలకరిస్తే ఊరికి కొత్తవాళ్ళని అనిపించదు, అడిగే రేటు కొంచెం నేల మీద ఉంటుంది. ఇంటి సందు దగ్గరికి వచ్చాక చటుక్కున ఒక మాట అందకపోతే ఆటో వంద గజాలు దాటిపోతుంది. అందుకే వ్యాకరణం జోలికి పోకుండా, ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఏ క్షణంలో ఏ మాట కావాలో ఆ వరుసలోనే చెప్తాను.

ముందు ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. మనం ‘ఆపు’, ‘ఆపండి’ అని తేడా పాటిస్తాం కదా, కన్నడలోనూ అంతే. చివర ‘ఇ’ ఉంటే మర్యాద: నిల్సి, హోగి, కొడి. ‘ఉ’ ఉంటే ఏకవచనం: నిల్సు, హోగు, కొడు. మొదటి రోజు నుంచీ ‘ఇ’తోనే అలవాటు చేసుకోండి. పిలవడానికి ‘అణ్ణా’ చాలు. మన అన్నా అన్నట్టే పలికినా ఎవరూ ఏమీ అనుకోరు. డ్రైవర్ పెద్ద వయసాయన అయితే ‘సార్’ అనండి. ‘గురు’ అని పిలుచుకోవడం కుర్రాళ్ళ మధ్య నడుస్తుంది, కొత్త మనిషి నోట అంత బాగుండదు.

ఎక్కే ముందు

ఆటో పక్కన నిలబడి ఊరిపేరు చెప్పి ‘బర్తీరా?’ అనండి. వస్తారా అని. ‘హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్ బర్తీరా అణ్ణా?’ ఇంతే. ఆయన తల ఊపితే తర్వాతి మాట ‘మీటర్ హాకి’. మీటర్ వెయ్యండి అని అర్థం. దీన్ని బతిమాలుతున్నట్టు కాకుండా, రోజూ అనే మాటలా, ఆటోలో కాలు పెడుతూ అనాలి. ‘ఎష్టు?’ అని ముందు మీరే అడిగితే మీటర్ మాట అక్కడితో అయిపోయినట్టే, ఇక ఆయన నోటికొచ్చిన అంకె దగ్గర నుంచి బేరం మొదలవుతుంది.

మీటర్ వెయ్యనంటే అప్పుడు ‘ఎష్టు తగొళ్తీరా?’ అనండి, ఎంత తీసుకుంటారు అని. కొందరు ‘మీటర్ మేలె ఇప్పత్తు కొడి’ అంటారు, మీటర్ మీద ఇరవై ఎక్కువ ఇవ్వమని. అర్ధరాత్రి పూటో వానలోనో ఇది మరీ అన్యాయమైన బేరం కాదని నా ఉద్దేశం. కనీసం మీటర్ తిరుగుతుంది, లెక్క మీ కళ్ళ ముందే ఉంటుంది.

బేరమాడాలంటే అసలు రేటు తెలిసి ఉండాలి. బెంగళూరులో 2025 ఆగస్టు 1 నుంచి ఆటో మీటర్ రేటు మొదటి 2 కిలోమీటర్లకు 36 రూపాయలు, ఆ తర్వాత కిలోమీటరుకు 18. అంతకుముందు 30, 15 ఉండేది. కాబట్టి మీటర్ వేయగానే 36 కనబడితే కొత్త రేటుకు సవరించిన మీటర్, 30 కనబడితే పాతదే నడుస్తోంది. అది ఎక్కగానే చూసుకోండి. దిగాక చూస్తే, ‘ఇది పాత మీటర్, పైన ఇంత ఇవ్వాలి’ అన్న మాట అక్కడ మొదలవుతుంది. రాత్రి 10 నుంచి ఉదయం 5 వరకు మీటర్ మీద ఒకటిన్నర రెట్లు అధికారికంగానే తీసుకోవచ్చు. డ్రైవర్లు దీన్ని ‘ఒన్ అండ్ హాఫ్’ అంటారు, కన్నడలో ‘ఒందూవరె’. ఆ వేళలో ఒకటిన్నర అడిగారని గొడవపడితే తప్పు మనదవుతుంది.

అంకెల్లో ఒక గొయ్యి ఉంది. ఇరవై ‘ఇప్పత్తు’, డెబ్భై ‘ఎప్పత్తు’. రోడ్డు మీద చప్పుడులో ఈ రెండూ ఒకేలా వినిపిస్తాయి. ‘నూరా ఇప్పత్తు’ అని విని నూట ఇరవైకి ఒప్పుకుని ఎక్కితే, దిగేటప్పుడు నూట డెబ్భై అని తేలవచ్చు, అందులో ఆయన మోసమేమీ ఉండకపోవచ్చు. కాబట్టి ఆ రెంటిలో ఏది వినిపించినా తెలుగులోనో ఇంగ్లీషులోనో మళ్ళీ అడిగి ఖాయం చేసుకోండి: ‘ఒన్ ట్వెంటీనా?’ అంటే సరిపోతుంది. మిగతావి మనకు దగ్గరగానే ఉంటాయి: హత్తు పది, మూవత్తు ముప్పై, నలవత్తు నలభై, ఐవత్తు యాభై, అరవత్తు అరవై, ఎంబత్తు ఎనభై, తొంబత్తు తొంభై, నూరు వంద, నూరైవత్తు నూట యాభై, ఇన్నూరు రెండు వందలు.

ఒక బేరం మొదటి నుంచి చివరి దాకా

బస్సు మిమ్మల్ని మడివాళలో 4:40కి దించింది అనుకుందాం. వెళ్ళాల్సింది హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్. ఫోన్ మ్యాప్‌లో దూరం 5 కిలోమీటర్లు చూపిస్తోంది. లెక్క వేసుకోండి: మొదటి రెండుకు 36, మిగతా మూడుకు 54, మొత్తం 90. ఇంకా 5 కాలేదు కాబట్టి ఒకటిన్నర రెట్లు, అంటే 135. ఈ అంకె మనసులో పెట్టుకుని మాట్లాడండి.

మీరు: ‘హెచ్.ఎస్.ఆర్. బర్తీరా అణ్ణా?’

డ్రైవర్: ‘బన్ని. ఇన్నూరు కొడి.’ రండి, రెండు వందలివ్వండి.

మీరు: ‘జాస్తి ఆయ్తు. మీటర్ హాకి.’ ఎక్కువైంది, మీటర్ వెయ్యండి.

డ్రైవర్: ‘మీటర్ ఇల్ల. నూరా ఎప్పత్తు కొడి.’ మీటర్ లేదు, నూట డెబ్భై ఇవ్వండి.

మీరు: ‘నూరైవత్తు కొడ్తీని, బర్తీరా?’ నూట యాభై ఇస్తాను, వస్తారా.

డ్రైవర్: ‘సరి, కూత్కొళ్ళి.’ సరే, కూర్చోండి.

ఇక్కడ 135 దగ్గరే పట్టుబట్టకపోవడం కావాలని చేసిందే. చీకట్లో, సామానుతో, మీటర్ వెయ్యని మనిషితో పదిహేను రూపాయల కోసం ఇంకో ఆటో వెతకడం నాకైతే గిట్టుబాటు కాదు. 170 దగ్గరే ఆగిపోతే మాత్రం ‘బేడ బిడి’ అని పక్కకు జరగండి. వద్దులెండి అని అర్థం. రెండడుగులు వేసేలోపు వెనక నుంచి ‘బన్ని, బన్ని’ అని పిలుపు రావడం మామూలే. రాకపోతే ఇరవై నిమిషాలు టీ తాగి 5 దాటాక అడగండి. ఒకటిన్నర లెక్క పోతుంది, న్యాయమైన అంకె 90కి దిగుతుంది. మధ్యలో ‘స్వల్ప కమ్మి మాడి’ అన్న మాటా వాడొచ్చు, కొంచెం తగ్గించండి అని. కానీ ఉత్తినే కమ్మి మాడి అని నాలుగుసార్లు అనేకన్నా, ఒక అంకె చెప్పి ‘బర్తీరా?’ అనడం త్వరగా తేలుతుంది.

దారి చెప్పడం

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఎడమకు ‘ఎడక్కె’, కుడికి ‘బలక్కె’, తిన్నగా ‘నేర హోగి’. ఎడమ మనకు తెలిసినట్టే ఉంటుంది. కుడి మాత్రం ‘బల’ అని అలవాటు కావాలి. ‘కుడి’ అంటే కన్నడలో ‘తాగు’ అని అర్థం, ఆటోలో ఆ మాట ఎందుకూ పనికిరాదు. బెంగళూరు లేఅవుట్లలో రోడ్లు మెయిన్, క్రాస్ అని అంకెలతో ఉంటాయి కాబట్టి ‘ముందిన క్రాస్ నల్లి బలక్కె’ అంటే వచ్చే క్రాసులో కుడికి అని చక్కగా అర్థమవుతుంది. మెయిన్, క్రాస్ అంకెలను ఇంగ్లీషులోనే చెప్పండి, అక్కడివాళ్ళూ అలాగే అంటారు. చిరునామాలో సెక్టారో స్టేజో ఉంటే అది కూడా కలిపి చెప్పాలి, ఎందుకంటే ఒకే అంకె ఉన్న మెయిన్ ఊళ్ళో చాలా చోట్ల ఉంటుంది.

ఒక మాట మాత్రం జాగ్రత్త. తెలుగులో ‘సిగ్నల్ ముందు ఆపండి’ అంటే సిగ్నల్ రాకముందే అని. అదే ఊపులో ‘సిగ్నల్ ముందె’ అంటే డ్రైవర్‌కు సిగ్నల్ దాటి ముందుకు అని తోచవచ్చు. ముందుకు పోతే మళ్ళీ యూ టర్న్ దాకా వెనక్కి రావడం కుదరదు. రాకముందే అయితే ‘సిగ్నల్‌గింత ముంచె’, దాటాక అయితే ‘సిగ్నల్ ఆద్మేలె’. ఈ రెండూ విడివిడిగా నోటికి పట్టేదాకా అనుకోండి.

ఆపించడం

అసలు చిక్కంతా ఇక్కడే. సందులో ఆటో గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఒక సెకనుకు ఎనిమిది మీటర్లు దాటుతుంది. మీరు మాట గుర్తు తెచ్చుకుని అనడానికి రెండు సెకన్లు, ఆయన విని అద్దం చూసి పక్కకు తీయడానికి ఇంకొన్ని సెకన్లు. అంటే గేటు ఎదురుగా వచ్చినప్పుడు ‘ఆపండి’ అంటే, ఆగేది నాలుగు ఇళ్ళ అవతల. కనీసం యాభై మీటర్ల ముందు నుంచే చెప్పడం మొదలుపెట్టాలి. అందుకే ఆపమనే మాటను ఒకేసారి కాకుండా మూడు ముక్కలుగా చెప్పండి.

సందు తిరగగానే మొదటి ముక్క: ‘స్వల్ప ముందె, ఎడగడె.’ కొంచెం ముందు, ఎడమ వైపు. దీంతో ఆయన ఎడమ పక్కకు రావడం మొదలుపెడతాడు. ఇల్లు కుడి వైపు ఉంటే ‘బలగడె’ అని ఇంకా ముందే చెప్పాలి, ఎదురుగా వచ్చే బండ్లు చూసుకుని దాటాలి కదా. నన్నడిగితే చిన్న సందు అయితే తప్ప కుడికి తీయించకండి, ఎడమ పక్కనే దిగి నడిచి రోడ్డు దాటండి. ఎలాగూ ఆటోలో కుడి వైపు నుంచి దిగడానికి ఉండదు.

దగ్గర పడుతుంటే రెండో ముక్క: ‘నిధాన, నిధాన.’ మన నిదానమే. రెండుసార్లు అంటే ఇక ఆగబోతున్నామని ఏ డ్రైవర్‌కైనా తెలిసిపోతుంది.

చివరి ముక్క: ‘ఇల్లే నిల్సి.’ ఇక్కడే ఆపండి. ఇందులో ‘లే’ను బాగా సాగదీయండి. ఎందుకంటే ‘ఇల్లి’ అంటే ఇక్కడ, ‘ఇల్ల’ అంటే లేదు, కాదు. చప్పుడులో చివరి అచ్చు మింగేస్తే ‘ఇక్కడ’ అన్న మాట ‘ఇక్కడ కాదు’ అయి ఆటో ముందుకు పోతుంది. ఇదే అనుకోకుండా ‘ఇల్లు, ఇల్లు’ అని తెలుగులో అరిచేవాళ్ళకు ఇంకా ఎక్కువగా జరుగుతుంది. ఇల్లు కన్నడలో ‘మనె’. ఆటో సరిగ్గా ఆగిందంటే ‘సాకు’ అనండి, చాలు అని.

గుర్తు పట్టుకుని ఆపించడం ఇంకా తేలిక, ఎందుకంటే వాక్యం కట్టే వరుస మనదే. తెలుగులో ‘ఆ గేటు దగ్గర ఆపండి’ అంటాం. దాన్నే మాటకు మాట మార్చితే ‘ఆ గేట్ హత్ర నిల్సి’. గేట్ ఉన్న చోట ఏది కావాలంటే అది పెట్టుకోండి: బేకరి, మెడికల్ షాప్, దేవస్థాన, ఆస్పత్రె, అంగడి అంటే కొట్టు, మర అంటే చెట్టు. ‘ఆ బేకరి హత్ర నిల్సి.’ ‘ఆ దేవస్థాన హత్ర నిల్సి.’ ఈ ఒక్క అచ్చుతో బెంగళూరులో ఎక్కడైనా దిగవచ్చు. ఒకే రకం గేట్లు వరసగా ఉంటే రంగు చేర్చండి: నీలి మనకు తెలిసిందే, కెంపు ఎరుపు, బిళి తెలుపు, హసిరు పచ్చ. ‘ఆ కెంపు గేట్ హత్ర నిల్సి’ అంటే ఇక ఏ గేటు అన్న అనుమానం ఉండదు. పచ్చకు పసుపుకు మనలో కొందరు ఒకే మాట వాడతారు. కన్నడలో పసుపు ‘హళది’, కలపకండి.

గుర్తు ఎంచుకోవడంలోనూ ఒక కిటుకు ఉంది. మీ ఇంటికి ఎదురుగా ఉన్నదాన్ని కాక, ఇంటికి ఒక ఇల్లు ముందు తగిలేదాన్ని ఎంచుకోండి. బోర్డు రోడ్డుకు అడ్డంగా దూరం నుంచి కనబడేదైతే మరీ మంచిది. రాత్రి లైటు వెలిగే మందుల షాపు అక్కరకొస్తుంది, చెట్టు రాదు.

ఎంత చెప్పినా ఒక్కోసారి దాటిపోతుంది. కొంచెమే అయితే ‘స్వల్ప హిందె హోగి’ అనవచ్చు, కొంచెం వెనక్కి పోండి అని. వెనక బండ్లు ఉన్నప్పుడు ఆ మాట అనకండి. ‘పర్వాగిల్ల, ఇల్లే ఇళ్కొళ్తీని’ అనండి: పర్లేదు, ఇక్కడే దిగుతాను. అపార్ట్‌మెంట్ లోపలిదాకా తీసుకెళ్ళాలంటే ‘ఒళగె హోగి’. కాపలా దగ్గర పేరు రాయించే పని పెట్టుకోకూడదనుకుంటే ‘ఒళగె బేడ, గేట్ హత్ర సాకు’.

యాప్‌లో బుక్ చేసిన ఆటో, క్యాబ్

నమ్మ యాత్రి లాంటి యాప్‌లో బుక్ చేస్తే బేరం ఉండదు, కానీ ఫోన్ వస్తుంది. మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘ఎల్లిద్దీరా?’ ఎక్కడున్నారు అని. ‘బస్ స్టాప్ హత్ర ఇద్దీని’ అంటే బస్ స్టాప్ దగ్గరున్నాను. మళ్ళీ ఆ ‘హత్ర’ అచ్చే. ఆ వెంటనే రోడ్డుకు ఏ వైపో చెప్పండి, ‘ఈ కడె’ ఇటువైపు, ‘ఆ కడె’ అటువైపు. రోడ్డుకు అవతలి వైపు ఆగిన బండి మీ దగ్గరికి రావాలంటే కొన్ని రోడ్లలో కిలోమీటరు తిరగాలి. కాబట్టి మీరే దాటేస్తే పని అవుతుంది.

దిగేటప్పుడూ అదే చిక్కు. మ్యాప్‌లో మీరు పెట్టిన గుర్తు రోడ్డుకు అవతల పడితే డ్రైవర్ యూ టర్న్ కోసం ముందుకు పోతుంటాడు. అప్పుడు ‘యూ టర్న్ బేడ, ఇల్లే నిల్సి’ అంటే చాలు. క్యాబ్‌లో అద్దాలు ఎత్తి ఉంటాయి కాబట్టి మాట బాగా వినబడుతుంది గానీ, డ్రైవర్ ఫోన్‌లో దారి చూస్తూ ఉంటాడు, మీ మాటకన్నా ఫోన్ మాటనే నమ్ముతాడు. ఆ మలుపు రాకముందే చెప్పాలి.

డబ్బులిచ్చేటప్పుడు

దిగాక ‘ఎష్టు ఆయ్తు?’ ఎంతైంది. బేరం మాట్లాడుకునే ఎక్కి ఉంటే ఇది అడగకండి, మళ్ళీ లెక్క తెరిచినట్టవుతుంది. ఒప్పుకున్న అంకెను మీరే చెప్తూ ఇవ్వండి: ‘నూరైవత్తు, తగొళ్ళి.’ ఫోన్ నుంచి పంపాలంటే ‘స్కానర్ ఇదియా?’ అని ఎక్కేముందే అడిగి ఉంచుకోవడం మేలు. స్కాన్ చేశాక తెర మీద డ్రైవర్ పేరు కాక ఇంట్లో ఇంకెవరి పేరో రావచ్చు, ఆ పేరు ఆయనకు చదివి వినిపించి అవునన్నాక పంపండి. నోటు ఇస్తే ‘చిల్లరె ఇదియా?’ అని ముందు అడగండి. ఐదు వందల నోటు చేతికిచ్చాక అడిగితే జవాబు ‘ఇల్ల’ అనే వస్తుంది.

మధ్యలో ఎక్కడైనా ఆగి మందులో కూరలో కొన్నారనుకోండి. మీటర్ రేటులో మొదటి 5 నిమిషాల ఆగడం ఉచితం, ఆపైన ప్రతి 15 నిమిషాలకు 10 రూపాయలు. ‘ఐదు నిమిష నిల్సి’ అని చెప్పి దిగండి. పావుగంట తర్వాత వస్తే పది రూపాయలు కలిపి ఇవ్వండి, అడగకముందే.

ఒప్పుకున్నదానికంటే ఎక్కువ అడిగితే గొంతు పెంచకుండా ‘ఆగ్లే హేళిద్రల్లా, నూరైవత్తు’ అనండి. అప్పుడే చెప్పారు కదా, నూట యాభై అని. ఇక్కడ కన్నడ ఆగిపోతే తెలుగులోకి మారిపోండి, ‘ననగె కన్నడ స్వల్ప స్వల్ప బరుత్తె, నిమగె తెలుగు బరుత్తా?’ అని అడిగి. నాకు కన్నడ కొంచెం కొంచెం వచ్చు, మీకు తెలుగు వచ్చా అని. చాలాసార్లు అవతలి నుంచి చిత్తూరు యాసలోనో అనంతపురం యాసలోనో జవాబొస్తుంది.